కింది ఇంటికి వినపడని కసరత్తు

పై ఫ్లాట్‌లో ఎవరైనా స్కిప్పింగ్ చేస్తుంటే కింద ఉన్నవాళ్లకు తాడు చప్పుడు వినపడదు. పాదాలు నేలను తాకే దెబ్బ ఒక్కటే వినపడుతుంది. టీవీ గొంతు పెంచినా అది పోదు, తలుపులు వేసుకున్నా పోదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే మొదలయ్యే తగాదాల్లో కొన్నింటికి మూలం ఈ దెబ్బే. ఇంట్లో కసరత్తు మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు మానేస్తారు. ఇంకొందరు చప్పుడు కాకూడదని నాలుగు చేతులూపులు, రెండు వంగడాలకు పరిమితమై, ఆరు నెలల తర్వాత కూడా ఒంట్లో ఏ మార్పూ లేదని బాధపడతారు. రెండోది నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. చప్పుడు తగ్గించాలంటే కష్టం కూడా తగ్గించాలనుకోవడం పొరపాటు.

ముందు ఆ దెబ్బ కిందికి ఎలా చేరుతుందో చూద్దాం. మన అపార్ట్‌మెంట్లలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఉండేది సాధారణంగా అయిదారు అంగుళాల కాంక్రీటు శ్లాబు. దాని మీద సిమెంటు మాలు పరిచి విట్రిఫైడ్ టైల్స్ అతికిస్తారు. మధ్యలో మెత్తని పొరంటూ ఏదీ ఉండదు. మాటలు, పాటలు గాలిలో ప్రయాణించే శబ్దాలు. బరువైన కాంక్రీటు వాటిని బాగానే అడ్డుకుంటుంది. కాలి దెబ్బ సంగతి వేరు. అది నేరుగా టైల్ మీద పడి కాంక్రీటులోకి దిగుతుంది. అప్పుడు శ్లాబు మొత్తం డప్పు చర్మంలా కంపించి, కింది గదిలోని గాలిని కదిలిస్తుంది. అందుకే మీ ఇంట్లో మోగే పాట కింది ఇంటికి చేరకపోయినా మీ మడమ దెబ్బ చేరుతుంది.

ఆ దెబ్బ ఎంత బలంగా ఉంటుందన్నది మీ బరువు కన్నా మీరు దిగే తీరును బట్టి ఉంటుంది. కదలకుండా నిలబడితే నేల మీద పడేది ఒంటి బరువు మాత్రమే. నడిస్తే అంతకన్నా కాస్త ఎక్కువ. పరిగెత్తితే ప్రతి అడుగుకూ రెండు నుంచి మూడు రెట్లు. ఎగిరి, కాళ్లు బిగబట్టి దిగితే అంతకన్నా ఎక్కువే. పైగా ఆ భారమంతా రెప్పపాటు కూడా లేని కాలంలో పడిపోతుంది. డంబెల్ విషయమూ ఇంతే. 10 కిలోల డంబెల్‌ను అర మీటరు ఎత్తు నుంచి వదిలేస్తే దానిలో ఉన్న సుమారు 50 జౌళ్ల శక్తి కొన్ని మిల్లీసెకన్లలో నేలకు ముడుతుంది. అదే డంబెల్‌ను మూడు సెకన్లు తీసుకుని చేత్తో దించితే ఆ 50 జౌళ్లూ నేల దాకా రావు. వాటిని మీ కండరాలే తీసుకుంటాయి.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. నేల మోయాల్సిన దెబ్బను కండరం మోసినప్పుడు చప్పుడు పోతుంది, కష్టం పెరుగుతుంది. బరువును అదుపుగా దించడం కండరం పెరగడానికి కావలసిన పనిలో ముఖ్యమైన భాగం. జిమ్‌లో బరువును పైకెత్తి ధబీమని వదిలేసేవాళ్లు ఆ భాగాన్ని వదులుకుంటున్నారు.

మ్యాటు గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది మొదట డబ్బు పెట్టేది దాని మీదే. నాలుగైదు మిల్లీమీటర్ల యోగా మ్యాటు చెయ్యి జారకుండా ఆపుతుంది, మోకాలికి సుఖంగా ఉంటుంది. గెంతుల దెబ్బకు మాత్రం దాదాపు ఏమీ చేయదు. టక్కుమనే పై చప్పుడును తగ్గిస్తుందే కానీ కిందికి పోయే లోతైన ధ్వనిని ఆపలేదు. మెత్తని ఫోము మ్యాటయితే బరువు పడగానే పూర్తిగా నొక్కుకుపోయి, ఆ తర్వాత లేనట్టే. బరువులు పెట్టే చోట మందపాటి రబ్బరు ముక్కగానీ నాలుగు మడతలు వేసిన పాత బొంతగానీ పరిస్తే ప్రయోజనం ఉంటుంది. గెంతడానికి వీలుగా మ్యాట్లు కొనడం దండగ.

ఇక కండరం సంగతి. గెంతకుండా, పెద్ద బరువులు లేకుండా కండరం పెరుగుతుందా? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ ఫిలిప్స్ బృందం ఈ ప్రశ్న మీద చాలాకాలం పనిచేసింది. 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో యువకుల చేత పది వారాలు కాళ్ల వ్యాయామం చేయించారు. ఒక పద్ధతిలో, ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 80 శాతం పెట్టారు. మరో పద్ధతిలో 30 శాతమే పెట్టి, ఇక ఒక్కటి కూడా ఎత్తలేనంత వరకు చేయించారు. మూడేసి సెట్లు చేసిన రెండు పద్ధతుల్లోనూ కండరం దాదాపు సమానంగా పెరిగింది. ఎత్తగలిగే గరిష్ఠ బరువు మాత్రం 80 శాతంతో చేసినవారిలో ఎక్కువగా పెరిగింది. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోవాలి. తక్కువ బరువుతో కండరం పెంచవచ్చు, కానీ చివరి దాకా వెళ్లాలి. ఎంతో బరువును ఒక్కసారి ఎత్తే బలం కావాలంటే మాత్రం చివరికి బరువే కావాలి.

ఆ ‘చివరి దాకా’ అన్న మాటలోనే చాలామంది ఇంటి కసరత్తు తడబడుతుంది. పదిహేను పుషప్‌లు అనుకుంటారు, పదిహేను కాగానే లేచిపోతారు. వాళ్లు ఆగిన చోట ఇంకా పది చేయగల శక్తి ఉండి ఉండవచ్చు. అలాంటి సెట్టు ఒంటికి మంచిదే, కండరానికి మాత్రం పెరగాల్సిన కారణం ఇవ్వదు. సెట్టు ముగించేసరికి ‘సరైన తీరులో ఇంకో ఒకటి, రెండు, మహా అయితే మూడు చేయగలను’ అనిపించాలి. అది ఎలా తెలుస్తుంది? ఒళ్లు వేడెక్కడం, చెమట పట్టడం గుర్తులు కావు. మీరు ఎంత గట్టిగా నెడుతున్నా పైకి లేచే వేగం దానంతట అదే తగ్గిపోవడం అసలు గుర్తు. మొదటి పుషప్‌లో ఒక సెకనులో పైకి లేచినవారికి ఆఖరి దానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. అలా తగ్గకుండా సెట్టు ముగిసిందంటే తొందరగా ఆగిపోయారన్నమాట.

ఈ అంచనా మొదట్లో అందరికీ తప్పుతుంది. సరిచేసుకోవడానికి నెలకోసారి పుషప్ లాంటి ప్రమాదం లేని వ్యాయామంలో, ఆఖరి సెట్టును ఇక లేవలేనంత వరకు చేయండి. లేవలేకపోతే మోకాళ్లు ఆనించి ఆగిపోవచ్చు, మీద పడే బరువేమీ లేదు. ‘ఇంకో రెండే’ అనుకున్న చోట ఏడు వచ్చాయంటే, ఇంతవరకు రాసుకున్న లెక్క ఎంత తేలిగ్గా ఉందో తెలిసిపోతుంది.

ఇంకో హద్దు కూడా ఉంది. ఒక సెట్టులో ముప్పై దాటి చేయగలుగుతున్నారంటే ఆ వ్యాయామం మీకు తేలికైపోయింది. అప్పుడు లెక్క పెంచడం వల్ల ఓపిక పెరుగుతుంది, బలం అంతగా పెరగదు. మన తాలింఖానాల్లో దండాలూ బస్కీలూ వందల లెక్కన తీసేవారు. ఆ కసరత్తు గొప్పది, నిశ్శబ్దమైనది కూడా. అయితే ఆ పహిల్వాన్లకు కుస్తీ ఉండేది, ఎదుటి మనిషి బరువు ఉండేది, గదలూ రాళ్లూ ఉండేవి. ఫ్లాటులో బస్కీలొక్కటే ఉన్నవారు వందకు పోయే బదులు పన్నెండుకే ఆయాసపడేలా బస్కీని కఠినం చేసుకోవాలి.

ఎలా కఠినం చేయాలన్నది ఒక మనిషిని ముందు పెట్టుకుని చెబితే బాగా అర్థమవుతుంది. 70 కిలోల బరువున్న, నలభైకి దగ్గరపడిన ఉద్యోగి అనుకుందాం. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాటు. ఆరోగ్య సమస్యలేమీ లేవు. వరుసగా పన్నెండు పుషప్‌లు, ముప్పై బస్కీలు చేయగలడు. ఇంట్లో ఉన్నవి సోఫా, గట్టి కుర్చీ, ఆఫీసు బ్యాగు, లీటరు నీళ్ల సీసాలు, పది కిలోల బియ్యం సంచి. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట తీరిక. నాలుగే వ్యాయామాలు, ఒక్కొక్కటి మూడు సెట్లు, సెట్టుకూ సెట్టుకూ మధ్య రెండు నిమిషాల విశ్రాంతి.

మొదటిది కాళ్లకు. రెండు కాళ్ల మీద ముప్పై బస్కీలు చేయగలవాడికి ఆ బస్కీ ఇక పనికిరాదు. అందుకని వెనక్కి తిరిగి, ఒక కాలి మీగాలును సోఫా అంచు మీద ఆనించి, ముందుకాలి మీదే కూర్చుని లేస్తాడు. జిమ్ భాషలో దీన్ని బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్ అంటారు. ఇందులో ముందుకాలి మీద ఒంటి బరువులో నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మామూలు బస్కీలో ఒక్కో కాలికి సగమే వస్తుంది కదా. బరువు ఏమీ కొనకుండానే కాలికి పని ఒకటిన్నర రెట్లు అయింది. అపార్ట్‌మెంట్‌కు ఇది మరీ తగినది, ఎందుకంటే సెట్టు మొదలయ్యాక ముందుపాదం నేలను వదలదు. అడుగు లేదు కాబట్టి అడుగు చప్పుడూ లేదు. నడుస్తూ చేసే లంజ్‌లలో ప్రతి అడుగూ ఒక దెబ్బే. అందుకే వాటికన్నా దీన్ని ఎంచుకోమంటాను.

చేసే తీరు చెబుతాను. సోఫా నుంచి ముందుపాదం రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి. మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. వెనక మోకాలు నేలకు రెండు అంగుళాల దూరంలో ఉండగా ఒక అంకె ఆగాలి, ఆ తర్వాత లేవాలి. ఆగడానికి కారణం ఉంది. వేగంగా దిగి వెంటనే లేస్తే కండరమూ స్నాయువూ సాగి వెనక్కి లాగే ఊపు కొంత పని చేసిపెడుతుంది. ఒక క్షణం ఆగితే ఆ ఊపు చాలావరకు పోయి, లేపే భారం కండరం మీదే పడుతుంది. మోకాలు నేలకు తగిలి టక్కుమన్నదంటే దిగడం అదుపు తప్పిందని గుర్తు. అక్కడ ఒక దిండు పెట్టుకుంటే కింది ఇంటికీ మోకాలికీ మంచిది. తూలితే గోడకు రెండు వేళ్లు ఆనించవచ్చు.

మొదటి వారం మన మనిషికి కాలికి ఎనిమిది వచ్చాయనుకుందాం, ఇంకో రెండు మిగిలి ఉన్నాయి. నోటుపుస్తకంలో 8, 8, 7 అని రాసుకుంటాడు. తర్వాతి రోజుల్లో బరువు పెంచడు, లెక్కే పెంచుతాడు. మూడో వారానికి 12, 12, 11 దాకా వస్తాడు. మూడు సెట్లలోనూ పన్నెండు రాగానే బ్యాగులో లీటరు సీసాలు అయిదు సర్దుకుని వీపుకు తగిలించుకుంటాడు, అంటే అయిదు కిలోలు. అప్పుడు లెక్క మళ్లీ ఎనిమిదికో తొమ్మిదికో పడిపోతుంది. పడిపోవాలి కూడా. అక్కడి నుంచి మళ్లీ పన్నెండుకు ఎక్కడం, ఆ తర్వాత ఏడున్నర కిలోలు, ఆపై పది కిలోల బియ్యం సంచి. సంచి బ్యాగులో అటూఇటూ కదలకుండా చుట్టూ తువ్వాళ్లు కుక్కాలి. రెండున్నర మూడు నెలలకు పది కిలోలతో కాలికి పది చొప్పున చేస్తున్నాడంటే బాగా సాగుతున్నట్టే. పది కిలోలంటే తక్కువగా అనిపించవచ్చు. కానీ దానిలో ఎక్కువ భాగం ఒక్క కాలి మీదే పడుతోంది. రెండు కాళ్ల బస్కీలో అంత భారం రావాలంటే చాలా ఎక్కువ బరువు భుజాన వేసుకోవాలి.

రెండోది పుషప్. మామూలు పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు 64 శాతం అని కొలిచినవాళ్లున్నారు. మోకాళ్లు ఆనించి చేస్తే 49 శాతం. పాదాలను 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 74 శాతం. 70 కిలోల మనిషికి ఇవి వరుసగా 45, 34, 52 కిలోలు అవుతాయి. ఇంట్లో బరువు పలకలు లేకపోయినా మంచం, కుర్చీ, నేల అన్నవే మెట్లుగా పనికొస్తాయన్నమాట. పుషప్ ఒక్కటీ రానివారు చేతులను 60 సెంటీమీటర్ల ఎత్తున ఆనిస్తే 41 శాతంతోనే మొదలుపెట్టవచ్చు. మన మనిషి నేల మీద పన్నెండు చేయగలడు కాబట్టి, మూడు అంకెల్లో దిగి ఛాతీ నేలకు అంగుళం దూరంలో ఆగితే అవి ఏడో ఎనిమిదో అవుతాయి. అవి పదిహేనుకు చేరాక పాదాలను మంచం మీదికి ఎక్కిస్తాడు. ఆ తర్వాత రెండు అరచేతుల కింద లావుపాటి పుస్తకాలు పెట్టి, వాటి మధ్యలోకి ఛాతీని ఇంకా లోతుగా దించుతాడు. ఆ పైన బ్యాగు ఉండనే ఉంది. చేతులు నేలను వదిలి చప్పట్లు కొట్టే పుషప్‌లు మాత్రం అపార్ట్‌మెంట్‌లో వద్దు.

మూడోది వీపుకు. ఇంటి కసరత్తులో అందరూ వదిలేసేది ఇదే. నెట్టడానికి నేల ఉంది, లాగడానికి ఏమీ కనిపించదు. కిటికీ గ్రిల్లుకు వేలాడవద్దు. చాలా గ్రిల్లులను నిలబెట్టేవి నాలుగు స్క్రూలు మాత్రమే. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, నడుము వంచి, వీపు తిన్నగా ఉంచి, రెండో చేత్తో బరువున్న బ్యాగును తొంటి వైపుకు లాగడం మంచి పద్ధతి. భుజం చెవి వైపుకు లేవకూడదు, మోచెయ్యి వెనక్కి పోవాలి. పైన ఒక అంకె ఆగి, మూడు అంకెల్లో దించాలి. బ్యాగు నేలకు తాకకముందే మళ్లీ లాగాలి. ఎనిమిది కిలోలతో పన్నెండు అయ్యాయంటే పది కిలోలకు మారాలి.

బరువు చాలకపోతే రబ్బరు ట్యూబులు వాడవచ్చు. సాగదీసే రబ్బరుకు నేలతో పని లేదు కాబట్టి ఇంతకన్నా నిశ్శబ్దమైన సామగ్రి ఉండదు. దాని పట్టును తలుపు సందులో ఇరికించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. తలుపు మీ వైపుకు తెరుచుకునేదైతే మీ లాగుడుకు అది తెరుచుకుని మొహానికి కొడుతుంది. అవతలి వైపుకు తెరుచుకునే తలుపునే ఎంచుకుని, గడియ వేసి లాగాలి. అప్పుడు మీ లాగుడు తలుపును చట్రానికే అదుముతుంది. ట్యూబు మీద సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ రోజే పారేయాలి.

నాలుగోది తొడ వెనక కండరాలకు. ఇక్కడ టైల్స్ మనకు మేలు చేస్తాయి. వెల్లకిలా పడుకుని, రెండు మడమల కింద పొడి తువ్వాలు వేసుకుని, నడుము పైకెత్తాలి. నడుము దించకుండా మడమలను నెమ్మదిగా ముందుకు జార్చి, కాళ్లు దాదాపు చాచాక మళ్లీ వెనక్కి లాక్కోవాలి. మొదటిసారి చేసేవారికి ఆరు కూడా కష్టమే. రానివారు ముందుకు జార్చడం ఒక్కటే చేసి, నడుము నేలకు ఆనించి, కాళ్లు మడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పన్నెండు చేయగలిగాక ఒక్కో కాలితో ప్రయత్నించాలి. జిమ్‌లో ఇదే కండరానికి పెద్ద యంత్రం ఉంటుంది. ఇంట్లో ఒక తువ్వాలు చాలు. చప్పుడు సున్న.

ఈ నాలుగింటిలో ఏదైనా ఒకటి వరుసగా మూడు నాలుగు సార్లు ఒకే అంకె దగ్గర ఆగిపోతే ముందు నిద్రనూ తిండినీ చూడాలి, ముఖ్యంగా పప్పు, గుడ్డు, పెరుగు లాంటివి సరిపోతున్నాయా అని. అవి బాగున్నా కదలిక లేకపోతే ఒక వారం సెట్లు సగానికి తగ్గించి, మళ్లీ ఎక్కించాలి. ఇంకా పెరగకపోతే వ్యాయామాన్ని కాస్త మార్చాలి. దిగే లోతు పెంచడమో, అడుగున ఆగే సమయం పెంచడమో ఏదో ఒకటి, రెండూ ఒకేసారి వద్దు. దిగే వేగాన్ని మరీ పది సెకన్లకు సాగదీయడం వల్ల లాభం లేదు. అంత నెమ్మదిగా చేస్తే లెక్క తగ్గిపోతుంది, బరువూ తగ్గించాల్సి వస్తుంది. మూడు నాలుగు సెకన్లు చాలు.

గుండెకు ఆయాసం కలిగించే కసరత్తు కూడా కావాలి కదా అంటారు. బర్పీలు, జంపింగ్ జాక్‌లు, నిలబడిన చోట పరుగు అపార్ట్‌మెంట్‌లో వద్దు. ఇంట్లో ట్రెడ్‌మిల్ కూడా వద్దనే నా సలహా. మోటారు మోత కన్నా దాని మీద పడే ప్రతి అడుగూ శ్లాబుకు చేరడమే అసలు ఇబ్బంది. భవనంలో మెట్లున్నాయి. అయిదు అంతస్తులు చురుగ్గా ఎక్కి, లిఫ్టులో దిగి, మళ్లీ ఎక్కాలి. మొదట నాలుగు సార్లు, నెల గడిచేసరికి ఆరు సార్లు. ఎక్కడంలో పాదం మెట్టు మీద ఆనుతుంది కానీ పైనుంచి పడదు, అందుకే దెబ్బ తక్కువ. దిగడంలోనే మడమ పడుతుంది, మోకాలికీ అదే ఇబ్బంది. ఎక్కేటప్పుడు ఒక పూర్తి వాక్యం ఆగకుండా పలకలేకపోతే, నాలుగైదు మాటలు మాత్రం రాగలిగితే, వేగం సరిపోయినట్టు. లిఫ్టు లేని భవనంలో కట్టె పీట లాంటి ఎత్తు తక్కువ మెట్టు మీద ఎక్కి దిగడం ఉంది. దిగేటప్పుడు మునివేళ్లు ముందు ఆని, మడమ తర్వాత నెమ్మదిగా వాలాలి. పీట కింద రబ్బరు ముక్క ఉండాలి. ఎక్కుతున్నంతసేపూ పీట కదలకుండా ఉందో లేదో చూసుకోవాలి.

ఇంత చేసినా చప్పుడు పోతోందా లేదా అన్నది మీ ఇంట్లో నిలబడి తెలుసుకోలేరు. పైన ఉన్నవారికి వినపడేది గాలిలో వచ్చే చప్పుడు, కింద ఉన్నవారికి చేరేది శ్లాబు కంపనం. ఇంట్లోవాళ్ల చేత మీ వ్యాయామమే చేయించి, కింది వాళ్ల అనుమతితో వాళ్ల గదిలో అయిదు నిమిషాలు నిలబడండి. సాధారణంగా బయటపడేవి వ్యాయామాలు కావు. సెట్టు అయ్యాక బ్యాగును నేల మీద పడేయడం, కుర్చీ జరపడం, అలసిపోయి మంచం మీద కూలబడడం, గదిలో మడమలు కొడుతూ నడవడం, ఇవే. బ్యాగును ఎప్పుడూ సోఫా మీదే దించండి. కుర్చీని గోడకు ఆనించే ఉంచండి.

వేళ కూడా చూసుకోవాలి. మన దేశపు శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు. నివాస ప్రాంతాలకు అప్పుడు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. అవి బయటి వాతావరణానికి పెట్టిన హద్దులే అయినా, మనకు పనికొచ్చే సూచన వాటిలో ఉంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చిన్న దెబ్బ కూడా పెద్దగా వినపడుతుంది. తెల్లవారుజామున తప్ప కుదరదంటే ఆ వేళకు తువ్వాలు, పుషప్, ట్యూబు ఉంచుకుని, బ్యాగుతో చేసేవీ మెట్లూ సాయంత్రానికి మార్చుకోవచ్చు.

శరీరం ఇచ్చే హెచ్చరికల్లో ఒకటి స్పష్టంగా చెప్పాలి. కండరం మధ్యలో మంట పుట్టి, సెట్టు ఆపగానే తగ్గిపోతే అది పనికి గుర్తు. మోకాలి కీలు దగ్గరగానీ భుజం లోపలగానీ సూదిలా పొడిచి, మర్నాటికీ ఉంటే అది గాయానికి గుర్తు. అప్పుడు లోతు తగ్గించాలి, బరువు తీసేయాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగాలి. ఎవరైనా సరే ఊపిరి బిగబట్టి లేవకూడదు, లేస్తూ ఊపిరి వదలాలి. బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. గెంతులు ఎముకకు ఇచ్చే దెబ్బ దానికి ఒక విధమైన మేలు, అది ఈ కసరత్తులో ఉండదు. వాలీబాల్, కబడ్డీ ఆడేవారికి కావలసిన పేలుడు వేగం కూడా ఇందులో పెరగదు. వాటి కోసం వారానికి ఒకటి రెండు సార్లు పార్కులో మట్టి నేల మీద గెంతవచ్చు, కింద ఎవరి ఇల్లూ ఉండదు. రెండో హద్దు కాళ్ల బలం. వీపు మీద ఇరవై కిలోల బ్యాగుతో ఒక్కో కాలి మీద పన్నెండు, మూడు అంకెల్లో దిగుతూ, అడుగున ఆగుతూ చేయగలిగిన రోజున బ్యాగు పట్టీలు ముందు తెగేలా ఉంటాయి, కాళ్లకు ఇంకా బరువు కావాలి. అప్పుడు బరువు పలకలు మార్చుకునే డంబెల్స్ ఒక జత కొనండి, లేదా జిమ్‌లో చేరండి. అంతవరకు మూడో అంతస్తు ఫ్లాటే సరిపోతుంది.